సెలవుల్లో ఖాళీ అయ్యే హాస్టల్ లెక్క: ఫీజు ఎంత తగ్గించాలి, వంట ఎప్పుడు ఆపాలి

ప్రశ్న: "మాది హన్మకొండ, భీమారం వైపు ఇల్లు. కింద మేముంటాం, పైన రెండంతస్తుల్లో కలిపి 10 గదులు ఉన్నాయి. కాలేజీ అమ్మాయిలకు హాస్టల్ పెట్టాలనుకుంటున్నం. మూడు మంచాల గదులు ఎనిమిది, రెండు మంచాలవి రెండు, మొత్తం 28 మంది. భోజనంతో కలిపి నెలకు 6,000 అనుకున్నం. ఖర్చులు పోను ఏడాదికి 6 లక్షలు మిగులుతాయని లెక్క వేసినం. కానీ దసరాకు, ఎండాకాలంలో పిల్లలు ఇండ్లకు పోతే ఫీజు తగ్గించాలంటరట కదా. తగ్గించాల్నా వద్దా? ఖాళీ రోజుల్లో ఏం చేస్తరు? నడుపుతున్న అక్కలు ఎవరైనా చెప్పండి."

జవాబు:

చెల్లె, నేను నయీంనగర్‌లో అమ్మాయిల హాస్టల్ 14 ఏండ్లుగా నడుపుతున్నాను. నాది కూడా మీ అంతదే, 28 మంచాలు. అందుకే మీ లెక్కను నా పద్దు పుస్తకం పక్కన పెట్టి చూశాను. మీరు రాసిన ఖర్చుల్లో తప్పు లేదు. పొరపాటు ఒక్కచోటే ఉంది, ఏడాదిని 12 నెలలుగా వేశారు. మన పనిలో ఏడాది అంటే తొమ్మిదిన్నర నెలలే. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ తేడాలోనే ఉంది కాబట్టి ముందు అది చెప్తాను.

నా దగ్గర జులైలో 16 మంది ఉంటారు. ఆగస్టులో కొత్త అడ్మిషన్లు మొదలై 22 అవుతారు. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఎనిమిది నెలలు సగటున 26 మంది. 28 మంచాలూ నిండిన నెలలు ఏడాదిలో రెండో మూడో ఉంటాయి, అంతే. ఎవరో ఒకరు మధ్యలో మానేస్తారు, ఒకరికి కాలేజీ హాస్టల్‌లో సీటొస్తుంది, ఒకరికి పెండ్లి కుదురుతుంది. మే నెలలో 14 మంది, జూన్‌లో 8 మంది. ఇవన్నీ కూడితే 268 వస్తుంది. అంటే ఒక మంచం ఒక నెల నిండితే ఒకటి అనుకుంటే, ఏడాదికి 268 ఫీజులు. మీరు వేసుకున్నది 336.

ఇప్పుడు డబ్బులు చూడండి. 268 ఫీజులకు 6,000 చొప్పున 16,08,000. సరుకులకు మనిషికి నెలకు 2,250 పోతే 6,03,000. వంట మాస్టర్‌కు, సాయం చేసే ఆమెకు, రాత్రి ఉండే ఆయాకు, ఊడ్చే ఆమెకు జీతాలు, కరెంటు, ఇంటర్నెట్, చిన్న చిన్న రిపేర్లు అన్నీ కలిపి నెలకు 55,000 అనుకుందాం. ఈ 55,000 మాత్రం పిల్లలున్నా లేకున్నా 12 నెలలూ పోతుంది. ఏడాదికి 6,60,000. రెండూ తీసేస్తే మిగిలేది 3,45,000. మీరనుకున్న ఆరు లక్షలు కాదు.

దీని పక్కన ఇంకో అంకె పెట్టుకోండి. ఆ రెండంతస్తులను నాలుగు పోర్షన్లుగా కుటుంబాలకు కిరాయికిస్తే, ఒక్కోటి 6,000 చొప్పున నెలకు 24,000, ఏడాదికి 2,88,000 ఏ పనీ లేకుండా వస్తుంది. మన ఇల్లే కదా అని ఆ కిరాయిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నేనూ మొదటి మూడేండ్లు తీసుకోలేదు. పొద్దున ఐదుకు లేచి రాత్రి పదకొండుకు పడుకునే ఈ పనికి, కిరాయి మీద అదనంగా వచ్చేది 57,000 అని మీకు ముందే తెలిసి ఉండాలి. సెలవుల సంగతి సరిగ్గా పెట్టుకోకపోతే ఆ కాస్తా పోతుంది. సరిగ్గా పెట్టుకుంటే పెరుగుతుంది.

ఫీజు తగ్గించాలా అంటే, తగ్గించాలి. కానీ ఎంత అన్నదే అసలు ప్రశ్న. మా అందరికీ దెబ్బ తగిలేది అక్కడే.

దసరా వచ్చిందంటే తల్లిదండ్రులు అడిగేది ఒకటే. "నెలకు 6,000 అంటే రోజుకు 200. మా పాప 13 రోజులు లేదు, 2,600 తగ్గించండి." విన్నప్పుడు న్యాయంగానే అనిపిస్తుంది. నేను మొదటి ఏడాది అట్లనే తగ్గించాను. దసరాకు 13 రోజులు, సెమిస్టర్ సెలవులు 10, సంక్రాంతికి 5, మొత్తం 28 రోజులు. సగటున 24 మంది ఇంటికి పోయారనుకుంటే 672 రోజుల భోజనం తప్పింది. రోజుకు 200 చొప్పున తిరిగి ఇచ్చింది 1,34,400. వాళ్లు తినకపోవడం వల్ల నాకు నిజంగా మిగిలిన సరుకు రోజుకు 75 చొప్పున 50,400 మాత్రమే. తేడా 84,000 నా చేతి నుంచి పోయింది. మీ 3,45,000లో నుంచి అది తీసేస్తే 2,61,000. కిరాయికిచ్చి కూర్చున్న దానికంటే తక్కువ.

ఎందుకట్ల అయింది? పాప ఇంటికి పోయినా ఆమె మంచం ఖాళీగా ఇంకొకరికి ఇవ్వలేం. ఆమె పెట్టె అక్కడే ఉంటుంది. మాస్టర్ జీతం ఆగదు. ఆయా రాత్రి గేటు దగ్గర పడుకోవాల్సిందే. ఆగేది బియ్యం, కూరగాయలు, పాలు, నూనె, గ్యాస్ మాత్రమే. కాబట్టి తగ్గింపు వాటికే ఉండాలి. రెండో ఏడాది నుంచి నేను రశీదు పుస్తకంలోనే ఫీజును రెండు ముక్కలుగా రాస్తున్నాను. గది, నిర్వహణ 3,750. సరుకులు 2,250. సెలవుల్లో మొదటి ముక్క కదలదు, రెండోదాంట్లో రోజుకు 75 తగ్గుతుంది. చేరిన రోజునే తండ్రి చేత దాని మీద సంతకం పెట్టిస్తాను. ఇన్నేండ్లలో ఈ పద్ధతి మీద గట్టిగా గొడవపడ్డ తల్లిదండ్రులు నాకు గుర్తు లేరు. రేటు ఎంత అన్నదానికంటే దసరా నాడు కొత్త మాట చెప్పడమే గొడవలకు మూలం.

మా వైపు కొన్ని హాస్టళ్లు అసలే తగ్గించవు. ఏడాదికి 50,000 వాళ్లకు మిగులుతుంది, నిజమే. కానీ పిల్లలు తినని అన్నానికి డబ్బు తీసుకోవడం నాకు మనసొప్పదు. పైగా ఏప్రిల్‌లో అక్కడి పిల్లలే నా దగ్గరికి వచ్చి సీట్లు అడుగుతారు.

ఈ 75 నా అంకె. మీది వేరే ఉండొచ్చు, మీరే కట్టుకోవాలి. సెలవులు లేని ఒక నెల పట్టుకోండి, నవంబర్ అయితే మంచిది. ఆ నెలలో కిరాణం, బియ్యం, కూరగాయలు, పాలు, గుడ్లు, చికెన్, సిలిండర్ల బిల్లులన్నీ ఒక కవర్లో వేయండి. రాత్రి హాజరు పుస్తకంలో ఏ రోజు ఎంతమంది ఉన్నారో కూడండి. నాకు ఒక నవంబర్‌లో బిల్లులు 54,600, హాజరు 728 వచ్చింది. భాగిస్తే 75. శని, ఆదివారాలు కొందరు ఊళ్లకు పోతారు కాబట్టే 28 మందికి 840 కాకుండా 728 వచ్చింది. ఆ వారాంతం రోజులకు నేను తగ్గింపు ఇవ్వను. ఎందుకంటే శనివారం సాయంత్రం ఎవరు పోతారో ఎవరు ఆగుతారో చివరి దాకా తెలియదు, వంట అయిపోయి ఉంటుంది. వరుసగా ఐదు రోజులు, అంతకంటే ఎక్కువ పోతేనే, అదీ ముందు రోజు రాత్రి హాజరులోపు రాస్తేనే తగ్గింపు. ములుగు, నర్సంపేట, జనగామ పిల్లలు వారం వారం పోతుంటారు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పిల్లలు పండుగకు తప్ప కదలరు. ఐదు రోజుల నియమం ఇద్దరికీ సమానంగానే ఉంటుంది.

ముందు రోజు రాత్రే ఎందుకు రాయాలో ఒక పొద్దుటి సంగతితో చెప్తాను. మొదటి ఏడాది ఎంగిలిపూల బతుకమ్మ ముందు రోజు, మర్నాటి టిఫిన్‌కు 26 మందికని కిలో మినపప్పు నానబోసి రుబ్బించాను, రెండున్నర కిలోల రవ్వ కలిపాం. మనిషికి నాలుగు ఇడ్లీల లెక్క. పొద్దున ఏడింటికి పళ్లాలు పెట్టి చూస్తే కూర్చున్నది 11 మంది. మిగతా పిల్లలు ఐదున్నర బస్సుకు, ఆరు బస్సుకు పోయారు. పిండి సగానికి పైగా గంగాళంలోనే ఉంది. మర్నాటికి పులిసి పైకి పొంగింది, ఉల్లిపాయ వేసి ఊతప్పాలు పోయించాను. ఆ రోజు తినేవాళ్లు ఇంకా తగ్గి ఆరుగురు అయ్యారు. ఆ సాయంత్రమే వంటింటి తలుపు పక్కన ఒక నల్లబల్ల కొట్టించాను. రాత్రి తొమ్మిదికి హాజరు అయ్యాక ఆయా దాని మీద మూడు అంకెలు రాస్తుంది. రేపటి టిఫిన్‌కు ఎంతమంది, మధ్యాహ్నం డబ్బాలు ఎన్ని, రాత్రికి ఎంతమంది. మాస్టర్ ఆ బల్ల చూశాకే బియ్యం కొలుస్తాడు. రోజుకు మనిషికి 300 గ్రాముల బియ్యం మా అమ్మాయిలకు సరిపోతుంది. అబ్బాయిల హాస్టల్ అయితే 450 దాకా పోతుంది. 26 మంది ఉంటే 25 కిలోల బస్తా మూడు రోజులు వస్తుంది. మూడు రోజులకు రాకుండా రెండున్నరకే అయిపోయిందంటే, బల్ల మీద అంకె చూడకుండా వండుతున్నారని నాకు తెలిసిపోతుంది.

సెలవులకు వారం ముందు నుంచి కూరగాయలు కూడా రోజుకారోజే తెప్పిస్తాను. మామూలుగా లక్ష్మీపురం మార్కెట్ నుంచి మూడు రోజులవి ఒకేసారి వస్తాయి. పండుగ ముందు అట్ల తెస్తే టమాటాలు, ఆకుకూర మిగిలి పారబోయాలి. పెరుగు తోడు పెట్టేది కూడా బల్ల చూసే.

దసరాలో అందరూ పోరు. ప్రతిసారి ఐదారుగురు ఆగుతారు. ఒకరికి సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది, ఒకరికి పోటీ పరీక్ష. ఇద్దరి కోసం మొత్తం వంటిల్లు నడపాలా అన్నది మీకూ వస్తుంది. నేను పెట్టుకున్న గీత ఎనిమిది మంది. మాస్టర్, సహాయకురాలి జీతం కలిపి రోజుకు 800 అవుతుంది. ఎనిమిది మందికి తగ్గకుండా ఉంటే వాళ్ల చేత వండిస్తాను. అంతకు తగ్గితే సద్దుల బతుకమ్మ నుంచి దసరా మర్నాటి దాకా వంటిల్లు మూసేస్తాను. అవి నాలుగైదు రోజులే. మాస్టర్‌ది పరకాల దగ్గర ఊరు. పండుగకు ఇల్లు చేరకపోతే ఆయనకూ బాధే కదా. జీతం కోయకుండా పంపిస్తాను. కోస్తే పండుగ తర్వాత వేరే మెస్‌లో చేరిపోతాడు, అప్పుడు 26 మందితో నేను వీధిన పడతాను. ఒకసారి అట్ల అయింది కాబట్టే చెప్తున్నాను, తొమ్మిది రోజులు నేనూ మా ఆడబిడ్డా వండాం.

ఆ నాలుగైదు రోజులు ఆగిన పిల్లలకు మా వీధిలో ఇంట్లో వండి ఇచ్చే ఒకామె దగ్గర క్యారియర్లు మాట్లాడతాను. రెండు పూటలకూ మనిషికి 120 అవుతుంది. పొద్దున ఉప్మానో అటుకులో నేనే చేసిపెడతాను. వాళ్ల సరుకుల డబ్బు రోజుకు 75 నా దగ్గరే ఉంది కాబట్టి నామీద పడేది 45. ఆరుగురికి ఐదు రోజులంటే 1,350. "వంట లేదు, 75 తీసుకుని బయట తినండి" అని చెప్పే హాస్టళ్లు ఉన్నాయి. పండుగ రోజు మెస్‌లు, కర్రీ పాయింట్లు సగం మూసి ఉంటాయి, ఆడపిల్ల రాత్రి ఎనిమిదికి భోజనం వెతుక్కుంటూ రోడ్డు మీద తిరగాలి. అది వద్దు. దసరా నాడు మాత్రం మా ఇంట్లో వండిందే వాళ్లకూ పెడతాను.

వంటిల్లు మూసే తేదీలు నెల ముందే గోడకు అంటిస్తాను. కాలేజీ అల్మనాక్ ఇందుకు ముఖ్యం. యూనివర్సిటీది వేరు, అటానమస్ కాలేజీలది వేరు, ఇంటర్‌ది ఇంకా వేరు. మీ దగ్గర చేరే పిల్లలు ఏ కాలేజీల వాళ్లో ఆ అల్మనాక్‌లన్నీ తెచ్చుకుని ఒకే క్యాలెండర్ మీద రంగు పెన్సిళ్లతో గీయండి. ఒకే కాలేజీ పిల్లలతో నింపితే అడ్మిషన్లు సులువు, కానీ ఆ కాలేజీ సెలవు ఇచ్చిన రోజే మీ ఇల్లంతా ఖాళీ అవుతుంది. నేను 28లో సగం ఇంజనీరింగ్, ఏడెనిమిది మంది యూనివర్సిటీ పీజీ, మిగతావి కోచింగ్ పిల్లలు ఉండేట్టు చూసుకుంటాను. ఇంటర్ పిల్లలను తీసుకోను. పరీక్షలు మార్చిలోనే అయిపోతాయి, ఏప్రిల్ మొత్తం మంచం ఖాళీ. పైగా ఆ వయసు పిల్లలకు ఇంకో రకం కాపలా కావాలి.

గదులు ఇచ్చేటప్పుడు కూడా సెలవులు గుర్తుంచుకోండి. చాలామంది వచ్చినవాళ్లను వచ్చినట్టు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ వేస్తారు. అట్ల వేస్తే దసరాకు మిగిలిన ఆరుగురు రెండంతస్తుల్లో ఆరు గదుల్లో ఒక్కొక్కరుగా ఉంటారు. రాత్రి భయం, ఆయాకు పైకీ కిందికీ తిరగడం, ప్రతి కారిడార్‌లో లైటు. పండుగకు ఎవరు ఆగుతారో చేరిన రోజే అడిగితే తెలిసిపోతుంది. కోచింగ్ వాళ్లను, దూరపు ఊళ్ల వాళ్లను, ఫైనల్ ఇయర్ వాళ్లను మొదటి అంతస్తులో మెట్ల పక్క నాలుగు గదుల్లో పెడతాను. సెలవుల్లో పై అంతస్తు మెట్ల గేటుకు తాళం పడుతుంది, అందరూ ఒకే చోట ఉంటారు. ఆ నెల కరెంటు బిల్లులో కూడా తేడా కనిపిస్తుంది. ఇంటికి పోయిన పిల్ల మంచం మీద ఇంకొకరిని పడుకోబెట్టడం మాత్రం చేయకండి. ఒక్క దుప్పటి మారినా, ఒక్క చున్నీ కనిపించకపోయినా మాట మనమీదికే వస్తుంది. ఊరికి పోయేముందు గది తాళం వాళ్లే వేసి, తాళంచెవి కవర్లో పెట్టి అతికించి, దాని మీద సంతకం చేసి ఇస్తారు. తిరిగొచ్చినప్పుడు అదే కవర్ అట్లనే ఇస్తాను.

నియమాల గురించి మీరు అడగలేదు గానీ ఒక్కటి ఈ లెక్కతోనే ముడిపడి ఉంది. ఊరికి పోయేవాళ్లు రాసే పుస్తకం. నేను మొదట్లో దాన్ని తగ్గింపు కోసమే పెట్టాను. పిల్ల పేరు, తేదీ, సంతకం, అంతే. ఒక సంక్రాంతికి నాలుగు రోజుల ముందు సాయంత్రం ఒక తండ్రి రేకు డబ్బా నిండా సకినాలు పట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. పరీక్షలున్నాయి, ఈసారి పండుగకు రాను అని బిడ్డ చెప్పిందట, అందుకని వాళ్లమ్మ చేసి పంపింది. నా పుస్తకంలో ఆ పిల్ల ముందు రోజే ఇంటికి పోయినట్టు రాసి ఉంది. ఆయన డబ్బా పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. నా కాళ్లు వణికాయి. గంటన్నర తర్వాత తెలిసింది, స్నేహితురాలి అక్క పెండ్లికి పోయింది, క్షేమంగానే ఉంది. ఆ గంటన్నర ఎట్ల గడిచిందో నాకూ ఆయనకూ తెలుసు.

ఆ తర్వాత పుస్తకంలో ఇంకో గడి పెట్టాను. పిల్ల సంతకం చేశాక, చేరినప్పుడు ఇచ్చిన నంబర్‌కు నేనే ఫోన్ చేసి తల్లితోనో తండ్రితోనో మాట్లాడి, టైమ్ రాసి, అప్పుడు పంపిస్తాను. పిల్ల తన ఫోన్‌లో కలిపి ఇస్తే తీసుకోను. చేరాక కూడా ఇంకో ఫోన్ చేయమంటాను. ఇది 26 మందికి చేయాలంటే సెలవుల ముందు రోజు రెండు గంటలు పడుతుంది. పట్టనివ్వండి. తగ్గింపు లెక్కకూ ఇదే పుస్తకం కాబట్టి పిల్లలు రాయకుండా పోరు. రాయకపోతే రోజుకు 75 పోతుందని వాళ్లకు తెలుసు.

ఇక ఎండాకాలం. దసరా 13 రోజులే, ఎండాకాలం రెండు నెలల పైన. నష్టం ఎక్కువ ఇక్కడే, సరిదిద్దుకునే వీలు ఎక్కువ కూడా ఇక్కడే. చివరి పరీక్ష రాసిన రోజు సాయంత్రం ఆటో తెచ్చుకుని "ఆంటీ, అడ్వాన్స్‌లో పట్టుకోండి" అని పెట్టె ఎత్తుకుని పోతారు. అప్పుడు మీకు తెలుస్తుంది ఆ మంచం జులై దాకా ఖాళీ అని. కాబట్టి మార్చి మొదటి వారంలోనే ప్రతి పిల్లకూ ఒక చీటీ ఇస్తాను. మూడు మాటలుంటాయి. ఎండాకాలం ఉంటాను. ఊరికి పోతాను, మళ్లీ ఇక్కడికే వస్తాను. ఖాళీ చేస్తాను. ఒకదానికి టిక్ పెట్టి, తండ్రి సంతకంతో 15వ తేదీలోపు ఇవ్వాలి. నెల ముందు చెప్పి ఖాళీ చేసేవాళ్లకు అడ్వాన్స్ పూర్తిగా తిరిగి ఇస్తాను, చెప్పకుండా పోయేవాళ్లకు ఒక నెల గది డబ్బులు అందులో పోతాయి. ఇది కూడా చేరిన రోజు కాగితంలో ఉంటుంది.

మళ్లీ వస్తామన్న వాళ్లకు నెలకు 1,500 కట్టించుకుని మంచం అట్లనే ఉంచుతాను, సామాన్లు అక్కడే ఉండనిస్తాను. మొదట్లో ఎండాకాలం కూడా పూర్తి 3,750 అడిగాను. అందరూ ఖాళీ చేసి పోయారు, జులైలో వేరే చోట చేరారు. 1,500 అంటే తండ్రికి ఆ సామాన్లు, పుస్తకాల పెట్టె ఊరికి తీసుకపోయి మళ్లీ తెచ్చే ఆటో, బస్సు ఖర్చుతో సమానం. అందుకే ఒప్పుకుంటారు. ఏటా పది మంది దాకా ఇట్ల ఉంచుకుంటారు. రెండు నెలలకు 30,000. అంతకంటే ముఖ్యం, జులైలో పది మందిని కొత్తగా వెతుక్కునే పని నాకు లేదు.

మిగిలిన ఖాళీల లెక్క ఇది. మేలో 14 మంది ఉంటారు, పది మంచాలు పట్టి ఉన్నాయి, నాలుగు ఖాళీ. జూన్‌లో 8 మంది ఉంటారు, పది ఖాళీ. ఇవి పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో నింపుతాను. హన్మకొండలో గ్రూప్స్, డీఎస్సీ, టెట్, కానిస్టేబుల్ కోచింగ్‌లకు ఎండాకాలం సెలవు ఉండదు. నోటిఫికేషన్ వచ్చిన ఏడాది అయితే ఏప్రిల్ నుంచే ఫోన్లు వస్తాయి. కోచింగ్ సెంటర్ల దగ్గర బోర్డు పెట్టడం కంటే, ఇప్పటికే నా దగ్గర ఉన్న కోచింగ్ పిల్లలకు చెప్పడమే పనిచేసింది. వాళ్ల ఊరి పిల్లలనే తెస్తారు, మనిషి ఎవరో తెలుస్తుంది. మేలో నలుగురు, జూన్‌లో ఎనిమిది మంది వస్తే 12 ఫీజులు. సరుకులు పోను ఒక్కోదానికి 3,750 చొప్పున 45,000. సీటు పట్టుకున్న 30,000 కూడా కలిపితే మీ 3,45,000 కాస్తా 4,20,000 అవుతుంది. కిరాయి మీద 1,32,000 ఎక్కువ. హాస్టల్ పెట్టాలా వద్దా అన్నది ఈ అంకె చూసి తేల్చుకోండి. నోటిఫికేషన్లు లేని ఏడాది ఈ 45,000లో సగం కూడా రాదు, అది కూడా మనసులో ఉంచుకోండి.

రోజు కిరాయికి, పరీక్ష రాయడానికి ఒక్క రాత్రికి వచ్చేవాళ్లకు ఇవ్వకండి. డబ్బు కళ్లకు కనబడుతుంది కానీ, ఎవరో తెలియని మనిషి మన పిల్లల పక్క మంచం మీద పడుకుంటుంది. నేను ఒక్కసారి ఇచ్చాను, పొద్దున రెండు ఫోన్లు పోయాయి. ఫోన్లు కొనిచ్చాను, కానీ ఒక పిల్ల నెల తిరగకుండా ఖాళీ చేసింది. జీఎస్టీ కూడా ఇదే వైపు చూస్తుంది. మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, వరుసగా 90 రోజులు తగ్గకుండా ఉంటే ఆ వసతికి పన్ను లేదని 2024 జులైలో ఇచ్చిన మినహాయింపు ఉంది. రోజు లెక్కన వచ్చేవాళ్లు దానిలోకి రారు. మీ మొత్తం వసూలు ఏడాదికి 20 లక్షలు దాటదు కాబట్టి ఇప్పుడు రిజిస్ట్రేషన్ గొడవ లేదు, రెండో ఇల్లు తీసుకుంటే అప్పుడు చూసుకోవాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, ఆహార భద్రత అనుమతి మొదలుపెట్టక ముందే తీసుకోండి. సిలిండర్ 19 కిలోల కమర్షియల్‌దే వాడండి. ఇంటి సిలిండర్‌తో హాస్టల్ వండితే పట్టుకుంటారు, ఆ మధ్యలో వంట ఆగిపోతుంది. కరెంటు మీటర్ మీ ఇంటిది, పైవాళ్లది వేరు చేయించి, కేటగిరీ ఏదో ఎన్‌పీడీసీఎల్ ఆఫీసులో ముందే తేల్చుకోండి. తనిఖీలో బయటపడితే పాత నెలల తేడా అంతా ఒకేసారి బిల్లులో వేస్తారు.

ఖాళీ రోజుల్లో ఇల్లు కూడా పాడవుతుంది, అది కొత్తవాళ్లకు తట్టదు. వాడని బాత్‌రూమ్‌లలో జాలీ కింద నిలిచి ఉండే నీళ్లు ఎండకు రెండు మూడు వారాల్లో ఆవిరైపోతాయి. ఆ నీళ్లే కింది డ్రైనేజీ వాసనను, బొద్దింకలను పైకి రాకుండా ఆపేది. జూన్‌లో తాళం తీస్తే గది గదికీ కంపు కొడుతుంటే పైపు పగిలిందని నేను ప్లంబర్‌ను పిలిచాను, అతను ఒక బకెట్ నీళ్లు పోసి చూపించాడు. ఇప్పుడు ఆయా వారానికోసారి ప్రతి జాలీలో బకెట్ నీళ్లు పోసి, ప్రతి కుళాయీ నిమిషం సేపు తిప్పుతుంది. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకపోతే నల్లగా బూజు పడుతుంది. బియ్యం ఏప్రిల్ 15 తర్వాత మూడు బస్తాలకు మించి నిల్వ ఉంచను, ఎండాకాలం పురుగు పట్టేది ఆ బస్తాలకే.

జూన్ 20 నాటికి సంపు, పై ట్యాంకు కడిగించి, పరుపులు ఒకరోజు మేడ మీద ఎండబెట్టిస్తాను. ఆ వారంలోనే మార్చి చీటీలు బయటికి తీసి, మళ్లీ వస్తామన్న పది మంది ఇండ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. ఇద్దరో ముగ్గురో మనసు మార్చుకుని ఉంటారు. ఆ మంచాలు ఎన్నో జూన్‌లోనే తెలిస్తే, కొత్తగా సీటొచ్చి బిడ్డను చూపించడానికి వచ్చే తల్లిదండ్రులకు ఏ గది చూపించాలో నాకు ముందే తెలిసి ఉంటుంది.

మీ ఇల్లు చూడలేదు కాబట్టి గదుల కొలతల గురించి ఏమీ అనలేదు. రెండు మంచాల గదులు రెండూ ఏ అంతస్తులో, మెట్లకు ఎటువైపు ఉన్నాయో రాయండి. సెలవులకు ఆగేవాళ్లను ఎక్కడ పెట్టాలో చూసి చెప్తాను.